అరుగు తీసేయాలా, ఉంచాలా: గుంటూరులో ఒక పాత ఇంటి రిపేరు కథ

ప్రశ్న: "టొరంటోలో ఉంటున్నాను. గుంటూరులో నాన్నగారు 1966లో కట్టించిన ఇల్లు ఉంది. గోడలకు నడుమెత్తు దాకా చెమ్మ, బాత్రూం పెరట్లో. ఈ చలికాలం రెండు నెలలు సెలవు పెట్టుకుని వచ్చి అంతా కొత్తగా చేయించాలని ఉంది. ఎలా కావాలో చెప్పండి అంటే అమ్మానాన్నలు 'నీ ఇష్టం నాన్నా' అంటున్నారు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి."

జవాబు:

గుంటూరులో పాత ఇళ్ల రిపేర్లు చేయిస్తూనే నా సర్వీసంతా గడిచింది. "నీ ఇష్టం నాన్నా" అన్న మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ విన్నాను. డబ్బు పెట్టేది కొడుకు, అంత దూరం నుంచి సెలవు పెట్టుకుని వచ్చింది వాడు, ఉన్న నాలుగు రోజులూ వాడితో మాటామాటా ఎందుకని పెద్దవాళ్లు అలా అంటారు. అంతేగానీ మీ ప్లాను వాళ్లకు నచ్చిందని దానికి అర్థం చెప్పుకోవద్దు. వాళ్లకు నిజంగా ఏం కావాలో తెలుసుకునే దారి వేరే ఉంది. అరండల్‌పేటలో చేసిన ఒక ఇంటి సంగతి చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా చిన్నచిన్న వివరాలు మార్చాను.

ఇంటాయన మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్లు. అమ్మగారికి డెబ్భై దాటాయి. ఒక్కడే కొడుకు, మెల్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్. ఇల్లు వీధి వైపు సన్నగా ఉండి లోపలికి పొడుగ్గా పోతుంది. ముందు గోడ పొడవునా అరుగు, లోపల హాలు, పడకగది, వంటిల్లు, దాని పక్కన జాడీల గది, వెనక వసారా, పెరటి తలుపు, ఆ వెనక చిన్న సందు. సున్నపు గోడలు. పైన టేకు దూలాల మీద చిన్న ఇటుకలు నిలబెట్టి పేర్చి, సున్నం కాంక్రీటు వేసిన మద్రాసు టెర్రస్.

అబ్బాయి వచ్చేటప్పుడే కంప్యూటర్‌లో గీయించిన బొమ్మలు తెచ్చాడు. అరుగు ఉన్నచోట కారు పోర్టికో. హాలుకూ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్. వెనక వసారా, జాడీల గది కలిపి అటాచ్డ్ బాత్రూంతో ఏసీ బెడ్‌రూం. ఆ బెడ్‌రూం వస్తే పెరటి తలుపు పోతుంది. గోడలకు కింద నాలుగడుగుల దాకా టైల్స్, పైన పుట్టీ, తెల్లరంగు. బొమ్మలో మాత్రం చాలా బాగుంది. పాతదంతా పారేస్తున్నాడని అనుకోకుండా, అమ్మగారి రుబ్బురోలును హాలు మూలలో లైటు కింద పెట్టేలా ఒక డిజైను కూడా చేయించుకొచ్చాడు.

బొమ్మలు చూసి తండ్రి "బాగుందిరా" అన్నారు. తల్లి కాసేపు చూసి, "ఈ తలుపు ఎటు తెరుచుకుంటుంది నాన్నా?" అని అడిగింది. ఆ బొమ్మలో వెనక వైపు తలుపే లేదు. కిటికీని చూసి తలుపనుకుంది. "అది కిటికీ అమ్మా" అన్నాడు. "ఓహో" అని లోపలికి వెళ్లిపోయింది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఇలాంటి "ఓహో"లను కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

నేను ఆ అబ్బాయికి చెప్పింది ఒక్కటే. వారం దాకా ఏ గోడ మీదా సుత్తి పడకూడదు. ఈ వారం నువ్వు ఇంట్లోనే ఉండి, ఎవరొచ్చారు, ఏ తలుపున వచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, అమ్మానాన్నలు ఏ వేళకు ఎక్కడున్నారు, ఇవి మాత్రం రాయి. "మీకు ఏం కావాలి?" అని అడక్కు. "నిన్న ఎవరొచ్చారు?" అని అడుగు. ఏం కావాలని అడిగితే పెద్దవాళ్లు మొహమాటపడతారు. నిన్న జరిగింది చెప్పడానికి మొహమాటం ఉండదు.

జెట్‌లాగ్ వల్ల తెల్లారుజాము నాలుక్కే మెలకువ వచ్చేది కాబట్టి ఆ కుర్రాడికి అన్నీ కనబడ్డాయి. వారం తిరిగాక నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టాడు.

అరుగు పేజీలో పదకొండు మంది ఉన్నారు. అందరూ రైతులో, యార్డులో పాత హమాలీలో. పెదనందిపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంగతి కాస్త వివరంగా రాసుకున్నాడు. ఆయన అరుగు చివర చెప్పులు విడిచి, తువ్వాలుతో అరుగు దులిపి కూర్చున్నాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన బ్యాంకు కాగితం తీసి "గుమస్తాగారూ, ఇదేందో చూడండి" అన్నాడు. తండ్రి కళ్లజోడు తెచ్చుకుని, చదివి, పంటరుణం రెన్యువల్‌కు ఫలానా తేదీలోపు రమ్మన్నారని చెప్పి, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో వెనక వైపు పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. పావుగంట పని. కాఫీలు, పలకరింపుల తతంగం ఏమీ లేదు. ఆయన లేచి వెళ్లిపోయాడు.

అబ్బాయి వాళ్ల నాన్నతో, "వీళ్లందరినీ లోపల సోఫాలో కూర్చోబెట్టొచ్చుగా, ఏసీ కూడా పెట్టిస్తాను" అన్నాడట. నోట్‌బుక్‌లో తండ్రి జవాబు ఉన్నదున్నట్టు రాసుకున్నాడు: "వాళ్లు లోపలికి రారురా. మట్టికాళ్లతో వచ్చి నీ టైల్స్ మీద నిలబడలేరు. గేటు బయట నుంచే ఉన్నారా అని అడిగి, ఫోన్‌లో మాట్లాడతాంలే అని వెళ్లిపోతారు. లోపలికి పిలిస్తే మీ అమ్మ కాఫీ పెట్టాలి, వాళ్లు వద్దనాలి, ఇదంతా ఒక టెన్షన్. అరుగు మీదైతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

ఇక్కడ ఇంజినీరుగా నాకొక మాట తోస్తుంది. అరుగు ఎత్తు అడుగున్నర, లోతు రెండున్నర అడుగులు. మోకాళ్ల నొప్పులున్న మనిషి చేతులు ఆనించి కూర్చుని లేవగలిగే ఎత్తు అది. వీధికీ ఇంటికీ మధ్య, గేటు తీయకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా కూర్చోగలిగిన చోటు. రిటైరైన గుమస్తాకు అది ఆఫీసు. దాని మీద కారు పెడితే, ఆయనకు రెండోసారి రిటైర్మెంట్ ఇచ్చినట్టే.

ఆయన విలువ ఇచ్చింది ఇటుకల అరుగుకు కాదని గమనించండి. ఇప్పటికీ తన దగ్గరికి పని పట్టుకుని వచ్చేవాళ్లు ఉన్నారన్నదే ఆయనకు ముఖ్యం. ఆ తేడా తెలిస్తే రిపేరు కూడా సులువవుతుంది. పాత అరుగు పగిలిన నాపరాళ్లు తీసేసి కొత్త రాయి వేశాం. అంచు గుండ్రంగా రుద్దించాం. లేచేటప్పుడు పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ, చదవడానికి సరిపడా లైటు పెట్టాం. పాతదాన్ని యథాతథంగా ఉంచాలన్న పట్టుదల ఆయనకు లేదు, నాకూ లేదు.

కారు సంగతి వేరే విధంగా కూడా తేలిపోయింది. ఇల్లు కట్టినప్పుడు బేస్‌మెంట్ ఎత్తు రోడ్డు మీద రెండడుగుల పైచిలుకు. తర్వాత వేసిన ప్రతి రోడ్డూ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేశారు. ఇప్పుడు మిగిలింది ఎనిమిది అంగుళాలు. విజయవాడ, గుంటూరు పాత వీధుల్లో ఎక్కడ చూసినా ఇదే కథ. అరుగు ఉంది కాబట్టి రోడ్డు మీద నీళ్లు ముందు గోడ మొదట్లోకి రాకుండా ఆగుతున్నాయి. దాన్ని తీసేసి పోర్టికో దించితే గట్టి వానకు రోడ్డు నీళ్లన్నీ కారు కిందుగా నడిచి హాలు గుమ్మంలోకి వస్తాయి. మీరూ ముందు చేయాల్సిన పని ఇది. పారదర్శకంగా ఉండే సన్న గొట్టంలో నీళ్లు పోసి మేస్త్రీలు లెవెల్ చూస్తారే, అదే పద్ధతిలో రోడ్డు మధ్య నుంచి హాలు నేల దాకా ఎంత తేడా ఉందో కొలిపించండి. అడుగు కన్నా తక్కువుంటే ముందు వైపు ఏదీ కూల్చే ఆలోచన పెట్టుకోవద్దు. పైగా పాత ముందు భాగం కూల్చి కొత్తగా కడితే ఇప్పటి నిబంధనల ప్రకారం ప్లాను పెట్టాలి, సెట్‌బ్యాక్ కింద రోడ్డు వైపు కొంత జాగా ఖాళీగా వదలాలి. సన్నటి స్థలంలో ఆ వదిలేది చాలా పెద్ద నష్టం. మొదలుపెట్టే ముందే మున్సిపల్ కార్పొరేషన్‌లో ప్లానింగ్ చూసేవారిని కలిసి, మీరు చేసేది రిపేరు కిందికి వస్తుందో, కొత్త కట్టడం కిందికి వస్తుందో అడిగి తెలుసుకోండి.

ఇక పెరటి తలుపు. ముందు తలుపు ఎవరైనా ఎప్పుడో ఎనిమిదింటికి తెరిచేవారు. అమ్మగారు లేవగానే తెరిచేది పెరటి తలుపే. ఆకుకూరలామె గోంగూర కట్టలు తెచ్చేది అటే. పనమ్మాయి వచ్చేది అటే. సందులో ఉండే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మధ్యాహ్నం వచ్చి వసారాలో కూర్చునేదీ అటునుంచే. ఇదంతా కబుర్ల బాపతు అనుకున్నాడు అబ్బాయి. ఐదో రోజున జాడీల గదిలో మేకుకు తగిలించిన పుస్తకం కనబడింది. పేర్లు, పక్కన కిలోలు, పక్కన డబ్బులు. కందిపొడి, కారం, గోంగూర పచ్చడి, వేసవిలో ఆవకాయ, మాగాయ. కొడుకు పంపే డబ్బు బ్యాంకులో కదలకుండా ఉంది. ఈవిడ సందులో వాళ్లతో కలిసి పచ్చళ్లు చేసి అమ్ముతోంది.

"ఇంత కష్టం నీకెందుకమ్మా, డబ్బు చాలకపోతే చెప్పొచ్చుగా" అన్నాడు. "డబ్బు చాలక కాదు" అంది. "మరి ఆ డబ్బుతో ఏం చేస్తావు?" అంటే, "అది నీకెందుకురా!" అని నవ్వింది. ఆయనకు తెలుసేమోనని నేను ఇంటాయన వైపు చూశాను. ఆయన పేపరు తిప్పుకుంటున్నారు.

అబ్బాయి ప్లానులో తల్లికి విశ్రాంతి ఇద్దామన్న మంచి ఉద్దేశమే ఉంది. ఆవిడ మాత్రం విశ్రాంతి అడగలేదు. పని మానకుండా, ఒళ్లు నొప్పి లేకుండా చేసుకునే వీలు అడుగుతోంది. ఆ మాట నోటితో అనలేదు. ఒక్కో గదిలో నిలబడి "ఇక్కడ మీకు విసుగు తెప్పించేది ఏది?" అని నేను అడిగితే గబగబా చెప్పేసింది. జాడీలు నేల మీద ఉన్నాయి, వంగలేకపోతున్నాను. వంటింట్లో సింకు మరీ లోతు. రాత్రిపూట పెరట్లో బాత్రూంకు వెళ్లాలంటే భయం. ఆ రుబ్బురోలు ఎవరికన్నా ఇచ్చేయండి అన్నయ్యగారూ, దాన్ని చూస్తేనే నాకు భుజం లాగుతుంది.

కొడుకు మొహం చూడాలి అప్పుడు. ఉంచుదామనుకున్నది తల్లికి అక్కర్లేదు, తీసేద్దామనుకున్నది కావాలి. విదేశాల నుంచి వచ్చేవాళ్లలో ఇది చాలాసార్లు చూశాను. చిన్నప్పుడు చూసిన వస్తువుల మీద వీళ్లకు మమకారం ఉంటుంది. ఆ వస్తువులతో యాభై ఏళ్లు చాకిరీ చేసినవాళ్లకు అంత ఉండదు. మీరూ ఇత్తడి గంగాళాలు, మంచాలు దాచే ముందు ఒకసారి అడగండి.

జాడీల గదిని బెడ్‌రూం చేయడం మానేశాం. దాని కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ గోడల చెమ్మకు జవాబు అందులోనే ఉంది.

ఆ ఇంట్లో మూడు రకాల చెమ్మ ఉంది. మూడింటికీ మందు వేరు. హాలు గోడకు కింద నుంచి మూడడుగుల దాకా, పై అంచున తెల్లటి ఉప్పు గీతతో చెమ్మ. ఇది నేలలోంచి పైకి పాకేది. నేల తడి గోడలోకి ఎక్కకుండా పునాది మీద వేసే డ్యాంప్ కోర్సు పొర పాత ఇళ్లకు ఉండదు కాబట్టి గోడ కొంత నీరు పీలుస్తూనే ఉంటుంది, సున్నపు పూత గుండా అది గాలిలోకి పోతూ ఉంటుంది. ఈ ఇంట్లో కొన్నేళ్ల కిందట ఎవరో ఆ పూత కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ రంగు వేశారు. తడి బయటికి పోయే దారి మూసుకుపోయేసరికి ఇంకా పైకి ఎక్కింది. దాని మీద అబ్బాయి అనుకున్నట్టు నాలుగడుగుల టైల్స్ వేస్తే, చెమ్మ ఐదో అడుగులో కనబడేది. రెండోది పడకగది పైమూలలో మరక. వాన పడినప్పుడే పెరుగుతుంది. అది డాబా మీద నీళ్లు పోయే గొట్టం దగ్గర పగులు.

మూడోదే జాడీల గదిలోది. గోడ మధ్యలో, నేలకు సంబంధం లేకుండా, ఒక చాప వెడల్పున తడి మరక. తుపాను రోజుల్లో నల్లగా మారుతుంది, మే నెలలో మాయమైపోతుంది. ఉప్పు గీత లేదు, పైన లీకేజీ లేదు. అక్కడ ఏళ్ల తరబడి పచ్చళ్లకు వాడే కల్లుప్పు బస్తాలు గోడకు ఆనించి పెట్టేవారని అమ్మగారే చెప్పారు. ఉప్పు గోడలోకి దిగింది. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది కాబట్టి ముసురు పట్టినప్పుడల్లా ఆ గోడ చెమర్చుతుంది. అలాంటి చోట ఎన్ని వాటర్‌ప్రూఫ్ రంగులు కొట్టినా డబ్బు దండగే.

ఏది ఏ రకమో తేల్చుకోవడానికి మీరే చేయగల పరీక్ష ఉంది. అడుగు చదరం పాలిథిన్ ముక్కను ఆరిన గోడ మీద నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి చుక్కలు పడితే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు పడితే గాలిలో తేమ గోడకు తగిలి చెమరుస్తోంది. కింద ఒకటి, మధ్యలో ఒకటి, పైన ఒకటి అంటిస్తే తడి ఎక్కడి నుంచి ఎక్కడికి నడుస్తోందో కూడా తెలుస్తుంది. గోడ సున్నపుదా సిమెంటుదా అన్న అనుమానముంటే, ఎక్కడైనా ప్లాస్టర్ ఊడిన చోట ఇటుకల మధ్య సందును మేకుతో గీకండి. పొడిపొడిగా రాలితే సున్నం. మేకు జారుతూ గీతే పడితే సిమెంటు.

మేం చేసింది ఇదీ. చెమ్మ గీతకు ఇంకో అడుగు పైదాకా సిమెంటు ప్లాస్టరింగ్ కొట్టించాం. ఇటుకల సందులు అర అంగుళం లోతున గీకించాం. తెల్లటి ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి, ఎత్తి బయట పారేశాం. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది, అందుకని నీళ్లు తగలనివ్వలేదు. ఆ స్థితిలో గోడను వీలైనన్ని రోజులు ఆరబెట్టాం. తర్వాత సున్నం, ఇసుక కలిపిన పూత. పిడుగురాళ్ల సున్నానికి మన జిల్లాల్లో కొదవ లేదు. గట్టి సున్నాన్ని నీళ్లలో ఆర్చి, పైన నీళ్లు నిలిచేలా కొన్ని వారాలు నానబెట్టుకోవాలి. ఆర్చేటప్పుడు బుసబుసా పొంగుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక, పూత ఒక్కోసారి అర అంగుళం మించకుండా రెండు దఫాలుగా వేయాలి. మొదటిది బాగా బిగిశాక రెండోది. వారం పది రోజులు పలచగా నీళ్లు చల్లుతూ నీడలో ఉంచాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. త్వరగా కానిమ్మని తొందరపెడితే పగుళ్లు తేలుతాయి. పైన సున్నం వెల్ల తప్ప ఇంకేదీ వద్దు.

మీకున్నది రెండు నెలలు. సున్నాన్ని మీరు రాకముందే నానబెట్టించండి. ఇంకో సంగతి, సున్నం పూత వచ్చిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ. "వచ్చు సార్" అన్నవాణ్ణి, ముందు పెరటి గోడ మీద ఒక చదరపు గజం చేసి చూపించమనండి. వాడు గుప్పెడు సిమెంటు కలుపుదామని చూస్తే వాడికి రాదన్నమాట.

ఇంత చేసినా నేలలోంచి వచ్చే చెమ్మ పూర్తిగా ఆగదు. గోడ అడుగున కాస్త రంగు మారుతుంది, రెండు మూడేళ్లకోసారి వెల్ల వేయించాలి. ఆ మాట ఇంటివాళ్లకు ముందే చెప్పాను. తండ్రి, "సంక్రాంతికి వెల్ల వేయించడం మాకు అలవాటేగా" అన్నారు. కొడుక్కే అది అసంపూర్ణంగా అనిపించింది.

జాడీల గదిలో ఉప్పు పట్టిన చోట పూత మొత్తం కొట్టి కొత్తది వేశాం. గోడకు అరడుగు దూరంలో, నడుము ఎత్తున రాతి అరలు కట్టించాం. ఇప్పుడు ఆవిడ వంగకుండా గరిటె జాడీలో పెట్టగలదు. ఏసీ అక్కర్లేదు. వెడల్పాటి సున్నపు గోడలు, ఉత్తరం వైపు చిన్న కిటికీ ఉన్న ఆ గది మే నెలలో కూడా ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉంటుంది. అందుకే పచ్చళ్లు అక్కడ ఉన్నాయి. ఆ సంగతి కట్టించినవాళ్లకు తెలుసు.

బాత్రూం వసారాలో ఒక చివర ఐదడుగులు వెడల్పు, ఏడడుగులు పొడవున కట్టాం. పడకగదిలోంచి దారి. పెరటి తలుపు దారి మూడున్నర అడుగులు అలాగే మిగిలింది. బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించాం. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డుపడి తెరుచుకోదు. కమోడు కూర్చునే ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. గడప లేదు, నేల వాలు లోపలి వైపుకు. బయటికి పోయే నాలుగంగుళాల గొట్టానికి పది అడుగులకు మూడు అంగుళాల వాలు ఇచ్చాం.

పట్టుకునే కడ్డీల విషయంలో ఒక జాగ్రత్త. షాపులో ఇచ్చే ప్లాస్టిక్ ప్లగ్గులు సిమెంటు గోడలో నిలుస్తాయి. సున్నపు గోడలో ఇటుక సందులో పడితే మనిషి బరువుకు ఊడొస్తాయి. కడ్డీ ఉందన్న ధైర్యంతో బరువు వేసిన మనిషి పడితే, అసలు కడ్డీ లేకపోవడం కన్నా ప్రమాదం. మేం గోడ అవతలికి రంధ్రం వేసి, వెనక ఇనుప పలక పెట్టి, పొడవాటి బోల్టులతో బిగించాం. బిగించాక నా బరువంతా వేసి ఊగి చూశాను. మీరూ అలాగే చూడండి. నాన్నగారితో పరీక్ష చేయించకండి.

ఓపెన్ కిచెన్ ఆలోచన గోడ దగ్గరే ఆగిపోయింది. ఆ మధ్య గోడ మీదే దూలాల కొసలు కూర్చున్నాయి. తీస్తే పైకప్పు దిగుతుంది. ఇనుప దూలం పెట్టి తీయొచ్చు, ఖర్చు ఎక్కువ. తల్లిని అడిగితే, "తిరగమోత ఘాటు హాలంతా వస్తే మీ నాన్న దగ్గుతూ కూర్చోవాలి" అంది. అంతటితో ఆ చర్చ ముగిసింది.

పైకప్పు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. లీకేజీకి డాబా అంతా మూడంగుళాల సిమెంటు వేసేద్దామని ఎవరో ఒకరు మీకు చెప్పి తీరతారు. అంగుళం మందానికి చదరపు అడుగుకు సుమారు ఐదు కిలోలు. వెయ్యి అడుగుల డాబాకు మూడంగుళాలంటే పదిహేను టన్నులు. అరవై ఏళ్ల టేకు దూలాల మీద అంత బరువు కొత్తగా ఎక్కించకూడదు. ముందు దూలాల కొసలు గోడలోకి పోయే చోట పదునైన స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. తడికి కుళ్లేదీ, చెదలు మొదలయ్యేదీ అక్కడే. అర అంగుళం సులువుగా దిగితే, ముందు ఆ దూలం సంగతి చూడాలి. ఆ ఇంట్లో కొసలు గట్టిగానే ఉన్నాయి. పగులు దగ్గర పాత పెంకులు తీసి సున్నం కాంక్రీటుతో సరిచేశాం. గది మధ్యలో దూలాల మీద ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకును, నిండితే టన్ను బరువది, రెండు గోడలు కలిసే మూలకు జరిపించాం.

ముందు గడప గురించి ఒక్క మాట. మున్ముందు వీల్‌చైర్ అవసరమైతే అడ్డమని అబ్బాయి కోయించేద్దామన్నాడు. శుక్రవారం శుక్రవారం పసుపు రాసే గడప. లోపలి గడపలన్నీ తీసేశాం, తల్లి ఏమీ అనలేదు. వీధి గడప మాత్రం ఉంచి, కావలసిన రోజున వేసుకోవడానికి నాలుగడుగుల చెక్క వాలు చేయించి అటక మీద పెట్టాం. నాలుగంగుళాల గడపకు అంతకన్నా పొట్టి వాలు చేస్తే కుర్చీ తోసేవాళ్లకు కష్టం.

మీ ఇంటికి వస్తే నేను అడిగే క్రమం ఇదే. దిగిన వారం నోట్‌బుక్, పాలిథిన్ ముక్కలు, రోడ్డు లెవెల్, దూలాల కొసలు. మీరు పంపిన వివరాల్లో నాకు తెలియాల్సింది ఇంకొకటి ఉంది. పెరట్లో బాత్రూం ఉందన్నారు. అక్కడికి వెళ్లే దారిలో మీ అమ్మగారు ఇంకా ఎవరెవరితో మాట్లాడతారో, ఏ తలుపు తాళం ఆవిడ దగ్గర ఉంటుందో కనుక్కుని, గదుల కొలతలతో పాటు ఇక్కడే రాయండి. బాత్రూం ఎక్కడ పెట్టాలో అప్పుడు చెబుతాను.